అకౌంట్స్ పేపర్ సెట్ చేసే ముందు

అమ్మాయ్ సౌమ్యా, ఆశీస్సులు.

టర్మ్ పరీక్షకు అకౌంట్స్ పేపర్ నిన్నే సెట్ చేయమన్నారని, పాత పేపర్లు ముందేసుకుని కూర్చున్నావని రాశావు. వాటిని కాసేపు పక్కన పెట్టు. ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసుకుని ఎడమవైపు పాఠాలు, పైన 2, 5, 10 మార్కుల ప్రశ్నలు రాసుకో. ఏ ప్రశ్న అడగాలన్న ఆలోచన ఆ గళ్లు నిండాకే.

ఏ పాఠానికి ఎన్ని మార్కులన్నది నీకు నచ్చిన పాఠాన్ని బట్టి కాదు, క్లాసులో దానికి పట్టిన పీరియడ్లను బట్టి తేల్చాలి. నువ్వు పంపిన లెక్క ప్రకారం మొత్తం 40 పీరియడ్లు: చిట్టా-ఆవర్జాకు 10, సహాయక చిట్టాలూ నగదు పుస్తకానికి 10, బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికకు 6, అంకణాకు 4, ముగింపు లెక్కలకు 10. పేపర్ 50 మార్కులకు కాబట్టి వరసగా పన్నెండున్నర, పన్నెండున్నర, ఏడున్నర, 5, పన్నెండున్నర వస్తాయి. ఇందులో అరమార్కులు నాలుగు చోట్ల ఉన్నాయి. ఆ నాలుగు అరలూ తీసి అంకణాకు కలిపెయ్. అప్పుడు 12, 12, 7, 7, 12 అవుతాయి.

ఇక గళ్లు నింపడం సులువే. ప్రతి పాఠం నుంచీ ఒక 2 మార్కుల ప్రశ్న వెయ్యి. చిట్టా-ఆవర్జా నుంచి ఒకటి, ముగింపు లెక్కల నుంచి ఒకటి 10 మార్కులవి. సహాయక చిట్టాల నుంచి 5 మార్కులవి రెండు, సమన్వయ పట్టిక నుంచి ఒకటి, అంకణా నుంచి ఒకటి. అడ్డంగా కూడినా నిలువుగా కూడినా 50 రావాలి. రాకపోతే అక్కడే ఆగు.

అసలు తిప్పలు కష్టం దగ్గర మొదలవుతాయి. తేలికవి 15, మధ్యస్థం 25, కష్టం 10 మార్కులకు అనుకున్నాం కదా. చాలామంది ఆ 10నీ ముగింపు లెక్కల మీద పెట్టేసి చేతులు దులుపుకుంటారు. అలా చేస్తే సగటు పిల్లవాడికి ఆ పాఠంలో 2 మార్కుల ప్రశ్న తప్ప ఏమీ మిగలదు. కష్టాన్ని ప్రశ్నకు కాదు, ప్రశ్న లోపలి మెట్లకు పంచాలి. ముగింపు లెక్కల 10 మార్కుల్లో, అంకణాలోని అంశాలను సరైన ఖాతాలో వేసినందుకు 3 ఇవ్వు, అవి తేలికవి. ముగింపు సరుకు, చెల్లించవలసిన జీతాలు, తరుగుదల లాంటి సర్దుబాట్లకు 5, అవి మధ్యస్థం. మిగిలిన 2 మాత్రమే కష్టానికి. ఉదాహరణకు అంకణాలో రుణగ్రస్తులు 20,500 అని ఇచ్చి, సర్దుబాట్లలో 500 రాని బాకీగా రద్దు చేసి, మిగతా రుణగ్రస్తులపై 5% సంశయాత్మక బాకీల ఏర్పాటు చేయమను. తెలిసిన పిల్లవాడు 500 తీసేసి 20,000 మీద 1,000 కడతాడు. హడావుడి పడేవాడు 1,025 వేస్తాడు. వాడికి పోయేది ఆ మెట్టు మార్కులే, మిగతా జవాబు నిలబడుతుంది.

సమన్వయ పట్టికలోనూ ఇంతే. నగదు పుస్తకంలో అనుకూల నిల్వతో మొదలుపెడితే మధ్యస్థం, ఓవర్‌డ్రాఫ్ట్‌తో మొదలుపెడితే కలపాల్సినవి తీసెయ్యాలి, తీసెయ్యాల్సినవి కలపాలి కాబట్టి కష్టం. అంకెలు పెద్దవి చేస్తే కష్టం పెరగదు, కూడికలే పెరుగుతాయి.

ఛాయిస్ దగ్గర జాగ్రత్త. "ఆరింటిలో నాలుగు రాయండి" అని వదిలేస్తే నీ గళ్లన్నీ వృథా. సమన్వయ పట్టిక చదవని పిల్లవాడు హాయిగా దాన్ని వదిలేస్తాడు. ఛాయిస్ ఇవ్వాలనుకుంటే అదే పాఠంలో, అదే కష్టంలో, "లేదా" పెట్టి ఇవ్వు. నగదు పుస్తకానికి "లేదా" కింద కొనుగోలు చిట్టా వెయ్యొచ్చు, కానీ ఒకదానిలో 12 లావాదేవీలు, రెండోదానిలో 5 ఉంటే అందరూ రెండోదానికే పోతారు.

ఇంకో సంగతి. అంకణా తయారు చేయించి, దాన్నే తీసుకుని ముగింపు లెక్కలు చెయ్యమనకు. అంకణాలో ఒక్క ఖాతా తప్పు వైపు వేస్తే రెండు ప్రశ్నలూ పోతాయి. దేని అంకెలు దానికి విడిగా ఇవ్వు. అలాగే పెద్ద లెక్కలో సంశయాత్మక బాకీలు వచ్చాయి కాబట్టి 2 మార్కుల్లో మళ్లీ దాన్నే అడగకు.

పేపర్ రాశాక ప్రింటుకు ఇచ్చే ముందు నువ్వే గడియారం పెట్టుకుని, కాలమ్స్ గీయడంతో సహా మొత్తం జవాబులు రాయి. 2 గంటల పేపర్ నీకు గంట దాటితే పిల్లలకు చాలదు. అప్పుడు ప్రశ్నలు తీసెయ్యకుండా లావాదేవీలు తగ్గించు, గళ్లు చెదరవు. రాసిన ఆ జవాబుల పక్కనే మెట్టు మెట్టుకూ మార్కులు వేసి పెట్టుకుంటే, దిద్దేవాళ్లకు ఇవ్వాల్సిన స్కీమ్ కూడా అదే. నువ్విచ్చిన అంకణాలో డెబిట్, క్రెడిట్ మొత్తాలు కలిశాయో లేదో రెండోసారి ఇంకెవరి చేతనైనా కూడించు.

డ్రాఫ్ట్ అయ్యాక ఒక కాపీ పంపు, చూస్తాను.

మీ కామర్స్ మాస్టారు