ఫోన్‌లో ఒప్పుకున్న బాకీకి కాలపరిమితి పెరుగుతుందా?

ప్రశ్న: గుంటూరులో పురుగుమందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆరేళ్ళు గొడ్డు చాకిరీ చేసి రాజీనామా ఇచ్చాను. రికార్డయిన కస్టమర్ కాల్స్ విని, కొత్తగా వచ్చే అతనికి హ్యాండోవర్ నోట్ రాస్తున్నాను. ఒక డీలర్ 4.6 లక్షలు బాకీ. 12-8-2023న సరుకు ఇచ్చాం, 30 రోజుల అరువు. 20-3-2025న ఫోన్‌లో "దసరా తర్వాత ఇస్తా" అన్నాడు. "బాకీ ఒప్పుకున్నాడు, గడువు సమస్య లేదు" అని నోట్‌లో రాశాను. రేపు తప్పు నా మీదికి నెట్టేస్తారని భయం. రికార్డింగులు నా ఫోన్‌లోకి కాపీ చేసుకోవచ్చా?

జవాబు: ముందు "గడువు సమస్య లేదు" అన్న మాట కొట్టేయండి. అరువు గడువు 11-9-2023తో ముగిసింది. అక్కడి నుంచి మూడేళ్ళు, అంటే 11-9-2026 లోపు దావా వేయాలి. నోటిమాటగా ఒప్పుకున్నంత మాత్రాన ఈ గడువు పెరగదు. లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, గడువు ముగియకముందే బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేయాలి. అలా చేస్తే ఆ సంతకం తేదీ నుంచి కొత్తగా మూడేళ్ళు వస్తాయి. మీ నోట్‌ను నమ్మి కొత్త అతను నిశ్చింతగా కూర్చుంటే సొమ్ము పోతుంది. తెలియని చట్టాన్ని ఇంత ధీమాగా రాయడం అజాగ్రత్తే.

మీ నోట్ ఆ సంభాషణకు సాక్ష్యం కాదు, రికార్డింగే సాక్ష్యం. అందుకే నోట్ చదివినవాడు నేరుగా రికార్డింగ్‌లోని ఆ మాట దగ్గరికి వెళ్ళగలగాలి. తేదీ, సమయం, ఫైలు పేరు, ఏ నిమిషంలో ఆ మాట వచ్చిందో రాయండి. డీలర్ అన్న మాటను అన్నట్టుగానే కొటేషన్లలో పెట్టండి. మీ అభిప్రాయాన్ని "నా అంచనా" అని విడిగా రాయండి. అతను ఎంత ఇవ్వాలో మొత్తం చెప్పకపోతే "మొత్తం ప్రస్తావించలేదు" అని కూడా రాయాలి. కోర్టులో ఎదుటి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

కోర్టులో రికార్డింగ్ కాపీ పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువతో సర్టిఫికెట్ కావాలి. మీరు వెళ్ళాక దాని మీద రికార్డింగ్ సిస్టం బాధ్యత చూసేవారు, వాళ్ళతో పాటు ఒక నిపుణుడు సంతకం చేయాలి. కాబట్టి ఆ సిస్టం చూసేవారెవరో, ఫైళ్ళు ఎన్నాళ్ళకు వాటంతటవే చెరిగిపోతాయో కనుక్కుని నోట్‌లో చేర్చండి. ఈ ఫైలు చెరపవద్దని వాళ్ళకు ఇప్పుడే మెయిల్ పెట్టండి.

మీ ఫోన్‌లోకి మాత్రం ఒక్క ఫైలు కూడా కాపీ చేయకండి. అనుమతి లేకుండా కంపెనీ డేటా కాపీ చేస్తే ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. దురుద్దేశం రుజువైతే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. మీకు రక్షణ కావాలంటే, సవరించిన నోట్‌ను ఆఫీసు మెయిల్‌లో మేనేజర్‌కు పంపి, "అందింది" అని జవాబు తీసుకోండి. నోట్ ప్రతి మీ దగ్గర ఉంచుకోవడానికి అదే మెయిల్‌లో అనుమతి అడగండి.

ఇక బాకీ సంగతి. ఉద్యోగంలో మీ ఆఖరి రోజులోగా మేనేజర్ అనుమతితో డీలర్ దగ్గరికి లెడ్జర్ ప్రతి పంపి, బాకీ మొత్తం, తేదీ వేసి సంతకం చేయించండి. అతను సంతకం పెట్టనంటే, 11-9-2026 లోపు దావా వేయాల్సిందేనని నోట్ మొదటి పంక్తిలోనే రాయండి.