LM2596 బోర్డులో 1N5822 బదులు 1N5408 వేస్తే ఐసీ ఎందుకు కాలుతోంది?

ప్రశ్న: తాడికొండ దగ్గర పొలం షెడ్డులో 12 వోల్టుల సోలార్ బ్యాటరీ నుంచి LM2596 బోర్డుతో 5 వోల్టులు తీసి కెమెరాకీ రౌటర్‌కీ ఇస్తున్నాను. బోర్డు మీది 1N5822 షాట్కీ డయోడ్ పోతే చేతిలో ఉన్న 1N5408 వేశాను, అదీ 3 ఆంప్సే కదా అని. కెమెరా ఒక్కటే ఉంటే బానే ఉంది. రెండూ పెట్టి ఫోన్ కూడా ఛార్జింగ్ పెడితే ఐసీ మీద చెయ్యి ఆనడం లేదు. షాట్కీకీ మామూలు డయోడ్‌కీ అంత తేడా ఉంటుందా? షాట్కీకి లీకేజీ ఎక్కువట, మే ఎండల్లో రేకుల షెడ్డులో నిలుస్తుందా?

జవాబు:

ముందు ఆ 1N5408 తీసేయండి, లేకపోతే ఐసీ కూడా పోతుంది. 3 ఆంప్స్ సరిపోయిన మాట నిజమే. కానీ అది 50 హెర్ట్జ్ కరెంటును డీసీ చేయడానికి తయారైన డయోడ్. LM2596 సెకనుకు లక్షా యాభై వేల సార్లు స్విచ్ అవుతుంది. 1N5400 సిరీస్ మరీ నిదానం, వాడొద్దని ఆ ఐసీ డేటాషీటులోనే రాసి ఉంటుంది.

అందరూ మొదట వోల్టేజ్ డ్రాప్‌నే అనుమానిస్తారు. లెక్క కట్టి చూద్దాం. 12 నుంచి 5 వోల్టులు తీస్తున్నప్పుడు ఒక్కో సైకిల్ 6.67 మైక్రోసెకన్లు. అందులో సగం కంటే కాస్త ఎక్కువ సేపు, అంటే 3.5 మైక్రోసెకన్ల చొప్పున, కాయిల్ కరెంటు డయోడ్ గుండా పోతుంది. లోడ్ 2 ఆంప్స్ అనుకోండి. షాట్కీ మీద 0.45 వోల్ట్ దాకా పడుతుంది కాబట్టి నష్టం 0.45 × 2 × 0.52, దాదాపు 0.47 వాట్లు. 1N5408 మీద 0.85 వోల్ట్ పడితే 0.88 వాట్లు. తేడా 0.4 వాట్లే, అదీ డయోడ్‌లో. మీకు కాలుతున్నది ఐసీ. కాబట్టి అసలు కారణం డ్రాప్ కాదు.

కారణం డయోడ్ ఆగే తీరులో ఉంది. పీ-ఎన్ డయోడ్‌లో కరెంటు పారేటప్పుడు పీ వైపు హోల్స్ ఎన్ వైపుకు వచ్చి చేరి ఉంటాయి. 1N5408 వెయ్యి వోల్టులు ఆపాలి గనక అందులో పలుచగా డోప్ చేసిన పొర మందంగా ఉంటుంది, అక్కడ ఆ ఛార్జ్ బాగా పోగవుతుంది. వోల్టేజ్ తిరగబడినా అదంతా ఖాళీ అయ్యేదాకా డయోడ్ మూసుకోదు, వెనక్కి కూడా కరెంటును పోనిస్తుంది. మోటారు ఆపాక నాన్ రిటర్న్ వాల్వ్ ఆలస్యంగా పడితే పైపులో నీళ్లు వెనక్కి జారినట్టే. ఈ రకం డయోడ్లకు ఆ ఆలస్యం మైక్రోసెకన్లలో ఉంటుంది, మన సైకిల్ మొత్తమే 6.67.

అంతసేపూ LM2596 లోపలి స్విచ్ ఆన్ అయి ఉంటుంది, దాని ఎదుట డయోడ్ ఇంకా తెరిచే ఉంటుంది. బ్యాటరీ నుంచి స్విచ్ గుండా, డయోడ్ గుండా నేరుగా గ్రౌండ్‌కు షార్ట్ అన్నమాట. డయోడ్ మీద అప్పుడు వోల్టేజ్ దాదాపు సున్నా, మిగతా 12 వోల్టులూ స్విచ్ మీదే పడతాయి. అందుకే వేడి ఐసీలో పుడుతోంది. కరెంటు మరీ పెరిగితే ఐసీలోని కరెంట్ లిమిట్ అడ్డుపడి 5 వోల్టులు కిందికి జారతాయి, రౌటర్ రీస్టార్ట్ అవుతూ ఉంటుంది.

షాట్కీలో లోహమూ ఎన్ సిలికానూ కలిసేచోటే అడ్డుగోడ. కరెంటు మోసేవి ఎలక్ట్రాన్లు మాత్రమే. హోల్స్ పోగవవు కాబట్టి ఖాళీ చేయాల్సింది జంక్షన్ కెపాసిటెన్స్ ఒక్కటే, అది నానోసెకన్ల పని.

మరి కెమెరా ఒక్కటే ఉంటే ఎందుకు బాగుంది? 33 మైక్రోహెన్రీల కాయిల్ ఉన్న బోర్డులో లోడ్ సుమారు 0.3 ఆంప్ కంటే తక్కువైతే, స్విచ్ మళ్లీ ఆన్ అయ్యేలోపే కాయిల్ కరెంటు సున్నాకు వచ్చేస్తుంది. డయోడ్‌కు ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. తక్కువ లోడ్ మీద పరీక్షించి బోర్డు బాగుందనుకోవడం ఇలాగే జరుగుతుంది. 10 ఓమ్, 5 వాట్ రెసిస్టర్లు నాలుగు ప్యారలల్‌గా కట్టి 2 ఆంప్స్ లోడ్ పెట్టి చూడండి. సరైన డయోడ్ ఉంటే బ్యాటరీ వైపు 1.05 ఆంప్స్ దగ్గర ఉండాలి. 1.2 దాటితే, ఎక్కడో 2 వాట్ల దాకా అదనంగా వేడిగా పోతున్నట్టే.

ఇక లీకేజీ. మీరు విన్నది నిజమే. 1N5822 కు 40 వోల్టుల దగ్గర డేటాషీట్ గరిష్ఠం 25 డిగ్రీల వద్ద 2 మిల్లీఆంప్స్, 100 డిగ్రీల వద్ద 20 అని ఉంటుంది. 1N5408 లో అది మామూలు వేడికి కొన్ని మైక్రోఆంప్సే. అయినా మీ బోర్డులో షాట్కీ మీద పడే రివర్స్ వోల్టేజ్ 12 నుంచి 14. లీకేజీ 10 మిల్లీఆంప్స్ అనుకున్నా, సైకిల్‌లో సగం సేపే కాబట్టి నష్టం 0.06 వాట్. షెడ్డులో డబ్బా లోపల 65 డిగ్రీలు ఉన్నా, అర వాటు నష్టానికి డయోడ్ మరో 20 డిగ్రీలు వేడెక్కుతుంది. దాని పరిమితి 125 కాబట్టి ఇబ్బంది లేదు. డబ్బాకు గాలి రంధ్రాలు మాత్రం పెట్టండి. వేడితో లీకేజీ, లీకేజీతో వేడి ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయి డయోడ్ షార్టయ్యే ప్రమాదం రివర్స్ వోల్టేజ్ 30, 35 దాటి, గాలి ఆడని చోట మొదలవుతుంది. అక్కడ 60 వోల్టుల షాట్కీ వేయాలి, డ్రాప్ కొంచెం పెరిగినా సరే.

గవర్నర్‌పేటలో కొన్నా, గుంటూరులో కొన్నా కొట్టులోనే మీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి చూడండి. అసలు 1N5822 సుమారు 0.15 నుంచి 0.25 చూపిస్తుంది. 0.5 దగ్గర చూపిస్తే పైన ఏ నంబరు ముద్రించి ఉన్నా లోపలున్నది పీ-ఎన్ డయోడే, తీసుకోవద్దు. SS34 దొరికితే అదీ సరిపోతుంది. షాట్కీ దొరకని రోజున UF5408 తో నడుస్తుంది, 75 నానోసెకన్లలో ఆగుతుంది, కాకపోతే డ్రాప్ ఎక్కువ కాబట్టి డయోడ్ వేడెక్కుతుంది. FR307 జోలికి పోవద్దు, 500 నానోసెకన్లు ఈ పనికి ఎక్కువే. ఏది వేసినా లీడ్లు పొట్టిగా ఉంచి ఐసీకి ఆనుకునేలా అతకండి.

తీసిన 1N5408 ను పారేయక్కర్లేదు. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య రాత్రిపూట వెనక్కి పారకుండా ఆపే చోట దానికి వేగంతో పనిలేదు. 3 ఆంప్స్ వస్తే 2.7 వాట్లు తింటుంది, షాట్కీ అయితే 1.5. అక్కడ కూడా షాట్కీ వేయాలనుకుంటే రాత్రి లీకేజీ గురించి దిగులు పడకండి, ప్యానెల్ చీకట్లో ఉన్నప్పుడు డయోడ్ కూడా చల్లగానే ఉంటుంది.