ఆరోగ్య బీమా తేదీ ముందు, అడ్వాన్స్ ట్యాక్స్ తర్వాత

ప్రశ్న: కడపలో ప్రైవేట్ ఉద్యోగం. జీతంలో టీడీఎస్ కట్ అవుతుంది, ఎఫ్‌డీ వడ్డీ కూడా వస్తుంది. అడ్వాన్స్ ట్యాక్స్, బీమా ప్రీమియం, పెట్టుబడులు చూసుకోవడం అన్నీ ఒకే క్యాలెండర్‌లో ఎలా పెట్టుకోవాలి?

అనంతపురంలో మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో మొదట రాసేది ఆరోగ్య బీమా రెన్యువల్ తేదీ. దాన్ని తప్పితే నష్టం ఎక్కువ. ఏడాది ప్రీమియం అయితే గడువు దాటాక కూడా 30 రోజుల్లో కట్టవచ్చు, పాత పాలసీ కొనసాగుతుంది. కానీ కట్టేదాకా ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రాదు. ఆ 30 రోజులూ దాటిపోతే మళ్లీ కొత్త పాలసీయే. షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మొదటి నుంచి లెక్క, అది మూడేళ్ల దాకా ఉండొచ్చు. అందుకే రెన్యువల్‌కు రెండు నెలల ముందు ఇంకో గుర్తు పెడతాను. కంపెనీ మారాలంటే అప్పుడే కదలాలి.

ఇక పన్ను. తేదీలు నాలుగు: జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15. ఆ తేదీలకు ఏడాది పన్నులో 15, 45, 75, 100 శాతం కట్టి ఉండాలి. టీడీఎస్ పోను మిగిలేది 10,000 రూపాయల లోపు ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

ఉదాహరణకు 15 లక్షల ఎఫ్‌డీ, 7 శాతం వడ్డీ అనుకోండి. ఏడాదికి 1,05,000 వస్తుంది. బ్యాంకు 10 శాతం, అంటే 10,500 పట్టుకుంటుంది. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి పన్ను 21,840. తేడా 11,340, కాబట్టి కట్టాల్సిందే. ఏమీ కట్టకుండా జులైలో రిటర్న్‌తో పాటు కడితే వడ్డీ సుమారు 1,000 పడుతుంది. అనవసరపు ఖర్చే గానీ టెన్షన్ పడేంత కాదు.

జీతగాళ్లకు ఇంకో మంచి దారి ఉంది. ఎఫ్‌డీ వడ్డీ ఆఫీసు అకౌంట్స్‌కు రాసిచ్చి, జీతంలోనే ఎక్కువ టీడీఎస్ కోయమనండి. నేను అలాగే చేస్తాను. అప్పుడు నాలుగు తేదీలూ క్యాలెండర్ నుంచి పోతాయి.

దానికోసమే పెట్టుబడుల సమీక్ష నవంబరులో పెట్టుకుంటాను. దీపావళి ఖర్చులు తేలిపోయి ఉంటాయి, ఆఫీసు ప్రూఫ్‌లు అడిగేది ఎక్కువగా జనవరిలో. ఆ రోజు ఆదాయపు పన్ను పోర్టల్‌లో AIS అనే వార్షిక సమాచార పత్రం తెరిచి బ్యాంకు చూపిన వడ్డీని నా లెక్కతో సరిచూస్తాను. తేడా కనబడితే మిగిలిన నెలల జీతంలో సర్దమంటాను. ఫండ్ అమ్మి లాభం వచ్చి ఉంటే దాని పన్ను కూడా అప్పుడే లెక్కేస్తాను. అలాంటి లాభం ఒక వాయిదా దాటాక వస్తే, తర్వాతి వాయిదాల్లో కడితే చాలు, వడ్డీ పడదు. మార్చి 15 తర్వాత వస్తే మార్చి 31 లోపు కట్టేయాలి.