పెంకు లేకపోయినా ఆ కుటుంబమే

అమ్మలూ,

రొయ్యలు పడవని తేలినదానివి, స్క్విడ్, ఆక్టోపస్ కూడా మానేయాలా అని అడిగావు. పైకి పెంకు కనిపించదు కాబట్టి అనుమానం రావడం సహజమే. అలర్జీ డాక్టర్లు షెల్‌ఫిష్ అన్నప్పుడు రెండు గుంపులను కలిపి చెబుతారు. రొయ్యలు, పీతలు ఒక గుంపు. ఆల్చిప్పలు, నత్తలు రెండోది. స్క్విడ్, ఆక్టోపస్ ఈ రెండో గుంపులోవి. స్క్విడ్‌ను కోసి చూస్తే లోపల ప్లాస్టిక్ ముక్కలా పల్చటి పుల్ల ఒకటి వస్తుంది, దాని పూర్వీకుల పెంకులో మిగిలింది అదే.

రెండు గుంపుల కండలోనూ అలర్జీ తెప్పించే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది ఉడికించినా పోదు. అయితే రొయ్యలో ఉన్నదీ స్క్విడ్‌లో ఉన్నదీ అచ్చంగా ఒకటి కావు. అందుకే రొయ్య పడని వాళ్ళలో కొందరికి స్క్విడ్ కూడా పడదు, కొందరికి ఏమీ కాదు. నువ్వు ఎటువైపో పరీక్షలోనే తేలాలి. అప్పటిదాకా రెండూ మానెయ్.

నాకు జరిగింది విను. నాకూ రొయ్యలు పడవు. ఒకసారి వేయించిన స్క్విడ్ ముక్కలు రెండు తిన్నాను. పది నిమిషాల్లో పెదవి కింద చీమలు పాకినట్టు అనిపించి, చూస్తుండగానే వాచిపోయింది. స్క్విడ్డే కారణమని ఏళ్ళ తరబడి అనుకున్నాను. తర్వాత చర్మ పరీక్షలో రొయ్యకు దద్దురు లేచింది, స్క్విడ్‌కు లేవలేదు. అంతటితో వదలకుండా డాక్టర్ నన్ను ఆస్పత్రిలో కూర్చోబెట్టి, ఉడికించిన స్క్విడ్ గోరంత ముక్కతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ తినిపించారు. ఏమీ కాలేదు. ఆ రోజు స్క్విడ్‌ను వేయించింది రొయ్యలు వేయించిన నూనెలోనే! బయట తినేటప్పుడు నేను ముందు అడిగేది నూనె గురించే.

పరీక్షకు వెళ్ళే ముందు అలర్జీ మాత్రలు ఎన్ని రోజులు ఆపాలో డాక్టర్‌ని అడుగు, అవి వేసుకుంటే దద్దురు సరిగా లేవదు. స్క్విడ్‌కు దద్దురు లేచినా వెంటనే బెంగపడకు. ఇంటి దుమ్ములోని పురుగు పడనివాళ్ళకూ అలా లేవవచ్చు, ఆ పురుగులోనూ ఇలాంటి ప్రొటీనే ఉంటుంది. తిన్నప్పుడు ఏమయిందో, ఎంతసేపటికి అయిందో రాసుకుని తీసుకెళ్ళు, డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది. ఇంట్లో మాత్రం నాలుక మీద పెట్టి చూసుకోవద్దు. ఊపిరి ఆడకపోతే మాత్ర కాదు, వెంటనే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ కావాలి.

ప్యాకెట్ల సంగతి ఒకటి. యూరప్‌లో ఈ రెండు గుంపులనూ విడివిడిగా అలర్జీ పదార్థాల జాబితాలో పెట్టారు. అమెరికాలో 2004 చట్టం ఈ రెంటిలో రొయ్యల గుంపును మాత్రమే ప్యాకెట్ మీద చెప్పడం తప్పనిసరి చేసింది. కాబట్టి అక్కడి ప్యాకెట్ మీద అలర్జీ హెచ్చరిక లేదని స్క్విడ్ లేదనుకోకు, పదార్థాల జాబితా మొత్తం చదువు. నల్లటి పాస్తా కనిపిస్తే ఆగి చూడు, ఆ రంగు చాలాసార్లు స్క్విడ్ సిరాదే.

మీ పెద్దమ్మ