సాక్షి చెప్పిందంతా రాయొచ్చా?

"బస్సు మంటల్లోంచి బయటపడిన ఆవిడతో మాట్లాడాను. వెనక సీట్లో ఉన్నారట. డ్రైవర్ నిద్రపోయాడన్నారు, పక్కనున్న అబ్బాయి చివరి మాటలూ చెప్పారు. చెబుతూ వణికిపోయారు. ఇవన్నీ పేపర్లో వేయొచ్చా?"

అప్పుడే వేయకండి. మళ్లీ మాట్లాడటం ఆవిడకు ఇష్టమేనా అని ముందు అడగండి. ఏ ప్రశ్నైనా వదిలేయొచ్చని చెప్పండి, వణుకు మొదలైతే రికార్డింగ్ ఆపేయండి.

"డ్రైవర్ నిద్రపోవడం మీరే చూశారా, తర్వాత ఎవరైనా అన్నారా?" అని మెల్లగా అడగండి. వెనక సీటు నుంచి డ్రైవర్ కళ్లు కనిపించవు. అలాంటి షాక్ తర్వాత విన్నది కూడా చూసినట్టే గుర్తుండిపోవచ్చు, అది అబద్ధమాడటం కాదు. ఆవిడ చూడకపోతే, వేరే ఆధారం దొరికేదాకా ఆ మాట పక్కన పెట్టండి.

అబ్బాయి చివరి మాటలు నిజమే అయినా, అతని ఇంట్లోవాళ్లు వాటిని మొదటిసారి పేపర్లో చదవకూడదు. ముందు వాళ్లకు చెప్పి, ఒప్పుకుంటేనే వేయండి.