డ్రోన్ షాట్ అతుకులా కనిపిస్తోందా? గ్రెయిన్ చివర్లో వేయండి

“చార్మినార్ దగ్గర ఒక ఇరానీ చాయ్ హోటల్ మీద చిన్న డాక్యుమెంటరీ చేస్తున్నాను. లోపలి షాట్లన్నీ ఫోన్‌తో తీసినవే. పొద్దుటి పూట చార్మినార్ డ్రోన్ షాట్ మాత్రం స్టాక్ సైట్‌లో కొన్నాను. పక్కపక్కన పెడితే వేరేవాళ్ల సినిమా అతికించినట్టుంది. కలర్ ఎంత మార్చినా కుదరట్లేదు. ఫ్రీ గ్రెయిన్ ప్యాక్ వేస్తే సరిపోతుందా?” – మలక్‌పేట నుంచి ఒక పాఠకుడు

సరిపోదు. గ్రెయిన్ అంటే ఫిల్మ్ మీద కనిపించే సన్నటి గింజల పొర, అది అన్నిటికన్నా చివర వేయాల్సింది. ఈ ప్రశ్న నాకు తరచూ వస్తోంది. అడిగేవాళ్లందరూ రంగు దగ్గరే కుస్తీ పడుతున్నారు. మీరు పంపిన రెండు క్లిప్పులూ చూశాను. రంగు కంటే ముందు సరిచేయాల్సినవి రెండున్నాయి.

మొదటిది, మీ ఫోన్ క్లిప్ హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగు తేడాలను మామూలు కంటే ఎక్కువగా పట్టుకునే పద్ధతిలో ఉంది. ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, `Transfer characteristics : HLG` అని కనిపిస్తుంది, HLG హెచ్‌డీఆర్‌లో ఒక రకం. కొన్న షాట్ మామూలు హెచ్‌డీ వీడియోల ప్రమాణమైన Rec.709. మీ టైమ్‌లైన్ కూడా అదే. ఫోన్ క్లిప్‌ను మార్చకుండా అందులో వేశారు కాబట్టి ట్యూబ్‌లైట్ల దగ్గర తెల్లగా పేలిపోయింది, ముఖాలు పాలిపోయాయి. దాని మీద ఎంత కలర్ కరెక్షన్ చేసినా ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. ముందు కలర్ స్పేస్ కన్వర్షన్‌తో ఆ క్లిప్పులన్నీ Rec.709లోకి తెచ్చుకోండి. మిగతా పనంతా ఆ తర్వాతే.

రెండోది పదును. ప్రివ్యూను ‘ఫిట్’లో కాకుండా 100 శాతం జూమ్‌లో పెట్టి చూడండి. చాయ్ పోస్తున్న షాట్‌లో కెటిల్ అంచు వెంట సన్నటి తెల్ల గీత ఉంది. అదే ఫ్రేమ్‌లో కౌంటర్ దగ్గరున్న పెద్దాయన గడ్డం మాత్రం మైనం పూసినట్టు నున్నగా ఉంది. వెలుతురు చాలక వచ్చిన నాయిస్‌ను ఫోన్ తుడిచేసింది, దాంతో పాటు గడ్డం వెంట్రుకలూ పోయాయి. ఆ లోటు తెలియకుండా అంచులకు పదును పెట్టింది. డ్రోన్ షాట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మినార్ల మీది గచ్చు పని వివరంగా ఉంది, అంచుల్లో గీతలు లేవు. పైగా అది 4కె. మీ 1080 టైమ్‌లైన్‌లోకి కుదించేసరికి ఇంకా స్ఫుటంగా కనిపిస్తోంది.

ఫోన్ షాట్‌కు షార్పెన్ ఎఫెక్ట్ వేసి డ్రోన్ షాట్‌ను అందుకోవాలని చూడకండి. లేని వివరం రాదు, గీతలు మాత్రం లావవుతాయి. రెండిటినీ మెత్తబరచాలి. ఫోన్ క్లిప్‌కు గాసియన్ బ్లర్ 0.6 నుంచి 1 పిక్సెల్ దాకా, డ్రోన్ షాట్‌కు 0.3 నుంచి 0.5 దాకా మొదలుపెట్టి చూడండి. ప్లేట్‌లోని ఉస్మానియా బిస్కెట్ అంచు చెదిరిపోతోందంటే ఎక్కువైనట్టే, వెనక్కి రండి. తెల్ల గీత పూర్తిగా పోదు, అది ఫైల్‌లోనే అచ్చయిపోయింది. కట్ పడే క్షణంలో కంటికి తగలకుండా ఉంటే చాలు.

ఇప్పుడు రంగు. రెండు క్లిప్పులకూ సాచురేషన్ సున్నా చేసి, వెలుగు స్థాయిలను గ్రాఫ్‌లా చూపించే వేవ్‌ఫామ్ తెరవండి. స్టాక్ షాట్లు అమ్మేవాళ్లు సినిమా లుక్ కోసం నలుపును పైకి లేపడం మామూలే. మీ డ్రోన్ షాట్‌లో నీడలు 6 శాతం దగ్గర ఆగిపోయాయి. హోటల్ షాట్లలో సున్నాకు అతుక్కుపోయాయి. రెండిటినీ 2 లేదా 3 దగ్గర కలపండి. నలుపు తెలుపులోనే రెండూ ఒకే సినిమాలా అనిపించాలి. అప్పుడే రంగు తిరిగి ఇవ్వండి. ట్యూబ్‌లైట్ తెచ్చిన ఆకుపచ్చ ఛాయ తగ్గించండి, అంతవరకే. లోపలి గోడలను పొద్దుటి ఎండ రంగులోకి లాగక్కర్లేదు. లోపలి వెలుతురు వేరు, బయటి వెలుతురు వేరని చూసేవాళ్లకు తెలుసు. నలుపు ఒకటిగా ఉండి, రంగుల గాఢత దగ్గరగా ఉంటే కన్ను ఒప్పుకుంటుంది.

చివరికి గ్రెయిన్. ఫోన్ క్లిప్పుల్లో మిగిలిన నాయిస్‌ను కొద్దిగా తగ్గించి, అన్ని షాట్ల మీదుగా ఒకే గ్రెయిన్ పొర వేయండి. బ్లర్ కంటే ముందు వేస్తే గ్రెయిన్ కరిగిపోతుంది. కాంట్రాస్ట్ కంటే ముందు వేస్తే ఒక్కో షాట్‌లో ఒక్కోలా తేలుతుంది. విడివిడిగా క్లిప్పుల మీద వేసి తర్వాత జూమ్ చేసినా అంతే, జూమ్ చేసిన షాట్‌లో గింజ పెద్దదవుతుంది.

దీనికి ప్యాక్ ఎందుకు? ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే మీరే తయారుచేసుకోవచ్చు. టైమ్‌లైన్ సెకనుకు 25 ఫ్రేములది అయితే ఇలా:

```
ffmpeg -f lavfi -i color=c=gray:s=1920x1080:r=25:d=20 -vf "noise=c0s=20:c0f=t,gblur=sigma=0.6" -c:v libx264 -crf 12 -pix_fmt yuv420p grain.mp4
```

బూడిద రంగు మీద కదిలే నాయిస్ 20 సెకన్ల పాటు వస్తుంది. దాన్ని పై ట్రాక్‌లో పెట్టి, బ్లెండ్ మోడ్ ఓవర్‌లే చేసి, ఒపాసిటీ 20 శాతం దగ్గర మొదలుపెట్టండి. మరీ సన్నటి గ్రెయిన్‌ను యూట్యూబ్ కంప్రెషన్ మింగేస్తుంది. అన్‌లిస్టెడ్‌గా ఒక అర నిమిషం అప్‌లోడ్ చేసి చూశాక కమాండ్‌లోని `sigma` విలువ కొంచెం పెంచాలో లేదో తేల్చుకోండి.

ప్యాక్ మాట ఎత్తారు కాబట్టి నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం ఇక్కడే చెప్పాలి. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ‘ఫ్రీ గ్రెయిన్’, ‘సినిమాటిక్ లట్’ జిప్‌లను ముట్టుకోకండి. పాస్‌వర్డ్ పెట్టిన జిప్, “యాంటీవైరస్ ఆపి తెరవండి” అన్న సూచన, ఈ రెండూ కలిసి వస్తే అది దొంగ సరుకే. పాస్‌వర్డ్ ఉంటే యాంటీవైరస్ లోపలికి చూడలేదు, అందుకే పెడతారు. గ్రెయిన్ అంటే వీడియో ఫైల్. రంగుల లుక్ మార్చే లట్ అంటే సాధారణంగా `.cube` ఫైల్, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంకెల వరసలు కనిపించాలి. ఈ రెండిటికీ ఇన్‌స్టాలర్ అక్కర్లేదు. విండోస్ ఫైల్ పేరు చివరను దాచేస్తుంది కాబట్టి `grain_4k.mp4.scr` అన్నది మీకు `grain_4k.mp4` లాగే కనిపిస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనబడేలా ఇవాళే మార్చుకోండి.

అలాంటిదాన్ని నొక్కితే అది బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలు ఎత్తుకుపోతుంది. అవి దొరికినవాడికి మీ పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. మీరు లాగిన్ అయి ఉన్నట్టే మీ ఛానల్లోకి దూరతాడు. ఇప్పటికే నొక్కి ఉంటే ఆ కంప్యూటర్‌ను నెట్ నుంచి తీసేసి, వేరే పరికరం నుంచి అన్నిచోట్లా లాగౌట్ చేసి, అప్పుడు పాస్‌వర్డ్ మార్చండి.

ఫోన్లు చేసేవాళ్ల మీద నాకు కోపముంది. షోరూమ్‌లో పక్కపక్కన పెట్టినప్పుడు మెరవాలని పదును ఇంత పెంచేస్తారు. చాలా ఫోన్లలో అసలు కెమెరా యాప్‌లో దాన్ని తగ్గించే మీట పెట్టరు. కొన్నిటిలో హెచ్‌డీఆర్‌ను అడక్కుండానే ఆన్ చేసి ఇస్తారు. డబ్బు పెట్టి కొన్నవాడికి ఆ నిర్ణయం తనే తీసుకునే హక్కు లేదా?

చాయ్ పోసే షాట్ మళ్లీ తీసే వీలుంటే, మాన్యువల్ సెట్టింగులు ఇచ్చే కెమెరా యాప్ వాడండి. హెచ్‌డీఆర్ ఆపేయండి, షార్ప్‌నెస్ మీట ఉంటే కిందికి దించండి. డ్రోన్ షాట్ 25 ఫ్రేములది కాబట్టి మీరూ 25 పెట్టి, షట్టర్ 1/50 చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ వేగంలో ట్యూబ్‌లైట్ మినుకు కూడా రికార్డవదు. వాకిట్లో ఎండలో తీసేటప్పుడు మాత్రం 1/50 నిలబడాలంటే లెన్స్ ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. లేకపోతే షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతుకు తీసుకెళ్లాల్సి వస్తుంది. నడిచే మనుషులు కుదుపులతో కదిలినట్టు కనిపిస్తారు. ఆ తేడాను ఏ గ్రెయినూ కప్పలేదు.