ఏడు ప్రశ్నలకి ఒక్క ‘ఓకే’

ప్రశ్న: ఒక మెయిల్లో ఆరేడు విషయాలు అడిగితే ఒక్కదానికే జవాబు వస్తోంది. అన్నిటికీ జవాబు రావాలంటే ఎలా రాయాలి?

మాది పలాస. మావయ్య వాళ్ల జీడిపప్పు యూనిట్లో ఆఫీసు పని నేను చూస్తాను, అంటే బిల్లులు, మెయిళ్లు, లారీవాళ్లతో ఫోన్లు అన్నీ. మీకొచ్చిన ఇబ్బందే నాకూ వచ్చి 38 టిన్నులు కోయించింది. అందుకే రాస్తున్నాను.

గుజరాత్ నుంచి ఒక వ్యాపారి 600 కిలోలు కావాలన్నారు. నేను పంపిన మెయిల్ ఇదీ (రాసింది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగులో పెడుతున్నా): “ఈసారి 600 కిలోలు అన్నారు కదా, 240 గ్రేడు ఉంది, 320 కూడా ఉంది, ఏది పంపమంటారు? ప్యాకింగ్ పోయినసారిలా టిన్నులేనా లేక పౌచ్‌లు చేయమంటారా, స్టిక్కరు మాదా మీదా? లారీ విషయం కూడా చెబితే బాగుంటుంది. గోడౌన్ మారిందని విన్నాం, ఈ-వే బిల్లుకి అడ్రస్ కావాలి. అడ్వాన్సు సంగతి మావయ్య అడగమన్నారు. శుక్రవారం పంపితే సరిపోతుందా?”

ఆయన జవాబు: “ఓకే, ఫ్రైడే ఫైన్.”

మావయ్యకి చూపిస్తే “ఏటమ్మా, దేనికి ఓకే అన్నాడు?” అన్నాడు. గ్రేడు, అడ్రస్ ఫోన్ చేసి కనుక్కున్నాను గానీ ప్యాకింగ్ అడగడం తట్టలేదు. ఓకే అన్నారంటే పోయినసారిలాగే అనుకుని పది కిలోల టిన్నుల్లో నింపడం మొదలుపెట్టించాను. గురువారం మధ్యాహ్నం ఆయన ఫోన్ చేసి, పౌచ్‌లు బాక్సుల్లో సర్దేశారా అని అడిగారు. అప్పటికి 38 టిన్నులు సీలు వేసేశాం. వాటిని కోసి, పప్పుని బల్ల మీద పోసి, మళ్ళీ పౌచ్‌లోకి ఎత్తేసరికి రాత్రి పదకొండయింది. చేయి మారిన ప్రతిసారీ కొంత గుండు బద్ద అయిపోతుంది, బద్దకి గుండు ధర రాదు. పని చేసే ఆడవాళ్లు ఇంటికి ఫోన్లు చేసుకుని ఉండిపోయారు. ఆ రాత్రి కోసిన టిన్ను అంచులు చూస్తూ కూర్చున్నాను, నాకు నిజంగా బాధేసింది.

మర్నాడు ఆ మెయిల్ ప్రింట్ తీసి పెన్నుతో ప్రతి ప్రశ్న చుట్టూ సున్నా చుట్టాను. ప్రశ్నార్థకం గుర్తులు మూడే ఉన్నాయి, ప్రశ్నలు ఏడు. లారీ, అడ్రస్, అడ్వాన్సు మూడూ ప్రశ్నల్లా లేవు, ఏదో సమాచారం చెప్పినట్టున్నాయి. స్టిక్కరు సంగతి ప్యాకింగ్ వాక్యం తోకకి తగిలించాను. ఆయన జవాబిచ్చింది అన్నిటికన్నా చివరి ప్రశ్నకి. అది సహజం కదా. ఫోన్లో మెయిల్ చదివి రిప్లై నొక్కితే పాత మెయిల్ మూడు చుక్కల వెనక దాక్కుంటుంది, చివర చదివిందే గుర్తుంటుంది. నన్నడిగితే జవాబు రాని మెయిళ్లలో తప్పు నూటికి తొంభై పాళ్లు రాసినవాళ్లదే.

తర్వాత ఏడింటినీ జల్లెడ పట్టాను. స్టిక్కరు మాదే అని ఆయన రెండు నెలల కిందటి మెయిల్లోనే రాశారు, వెతికితే దొరికింది, అది అడగక్కర్లేదు. అడ్వాన్సు మావయ్య ఫోన్లో మాట్లాడుకోవాల్సింది. మిగిలినవి ఐదు. వాటిని రాయబోతే లారీ దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. “లారీ ఎవరిది?” అంటే అందులో రెండున్నాయి, లారీ మాట్లాడేది ఎవరు, కిరాయి కట్టేది ఎవరు. ఒకదానికి మేము, రెండోదానికి ఆయన కావచ్చు. కాబట్టి విడదీశాను, ఆరయ్యాయి. తిరగరాస్తే ఇలా వచ్చింది:

1. ప్యాకింగ్: (అ) 10 కిలోల టిన్ను (ఆ) 10 కిలోల వ్యాక్యూమ్ పౌచ్
2. గ్రేడు: (అ) 240 (ఆ) 320
3. లారీ మాట్లాడేది: (అ) పలాస నుంచి మేము (ఆ) అక్కడి నుంచి మీరు
4. లారీ కిరాయి: (అ) మేము (ఆ) మీరు
5. శుక్రవారం లోడు బయలుదేరితే సరిపోతుందా?
6. సరుకు చేరాల్సిన గోడౌన్ పూర్తి అడ్రస్, పిన్‌కోడ్‌తో

పైన ఒక్క వాక్యం: “ఆరు విషయాలు తేలాలి, నెంబరు వేసి అక్షరం రాస్తే చాలు. 1కి బుధవారం ఉదయం 10 లోపు జవాబు రాకపోతే టిన్నుల్లో ప్యాక్ చేస్తాం.”

ప్యాకింగ్‌ని మొదటికి తెచ్చింది ఎందుకంటే ముందు పని ఆగేది అక్కడే. పిన్‌కోడ్ చివర్లో ఉన్నా పర్లేదు, 50 వేలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు లేకుండా లారీ కదలదు గానీ ఆ బిల్లు లోడింగ్ రోజు తీసుకుంటాం. “జవాబు రాకపోతే ఇలా చేస్తాం” అన్న మాట ప్యాకింగ్‌కి మాత్రమే పెట్టాను, టిన్ను అయితే తిప్పలుపడైనా విప్పుకోవచ్చు. కిరాయికి అలా రాస్తే తర్వాత గొడవే, డబ్బు విషయంలో ఎదుటివాళ్ల నోటి నుంచి మాట రావాల్సిందే.

అ, ఆ ఎందుకంటే, వాళ్లు “3 మీరు” అని రాస్తే ఆ మీరు ఎవరు? నా మెయిల్లో మీరు అంటే ఆయన, ఆయన మెయిల్లో మీరు అంటే మేము. అక్షరం అయితే తిరగబడదు. “టిన్నా, పౌచా?” అని అడిగితే “అవును” అని జవాబిచ్చేవాళ్లు కూడా ఉంటారు, అక్షరాలు పెడితే ఆ బాధా ఉండదు.

డిగ్రీలో మాకు లెటర్ రైటింగ్ ఉండేది. రెస్పెక్టెడ్ సర్ ఎక్కడ రాయాలో, తేదీ ఏ మూల వేయాలో నేర్పి మార్కులు కోశారు. అడగాల్సింది ఎలా అడగాలో ఒక్క క్లాసూ చెప్పలేదు. ఉద్యోగాల్లో పిల్లలు పడే టెన్షన్ సగం దీనివల్లే అని నా గట్టి నమ్మకం. ఇంకో సంగతి, నలుగురికి ఒకే మెయిల్ పెట్టి ప్రశ్న ఎవరికో రాయకపోతే నలుగురూ పక్కవాళ్లు చెబుతారని ఊరుకుంటారు, ప్రతి నెంబరు పక్కనా పేరు వేయండి.

మళ్ళీ ఆర్డరు వచ్చినప్పుడు ఇలాగే ఆరు నెంబర్లతో పంపాను. అరగంటలో వచ్చింది: “1 ఆ, 2 అ, 3 అ, 4 ఆ, 5 సరే.” ఆరోది లేదు, కానీ లేదన్న సంగతి చూడగానే తెలిసిపోయింది. తిరిగి రాసినప్పుడు “6 మాత్రం మిగిలింది” అన్నాను. దాన్ని 1 చేయలేదు. నెంబరు మారిస్తే పాత జవాబూ కొత్త జవాబూ కలిసిపోతాయి. మధ్యలో కొత్త ప్రశ్న పుడితే దానికి 7 వేస్తాను. నెంబర్లు చేత్తోనే టైపు చేస్తాను, దానంతట అదే వేసే నెంబర్లు కాపీ చేసి వేరేచోట పెడితే ఒక్కోసారి ఎగిరిపోతాయి, మధ్యలో జవాబు రాస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి.

అన్నిటికీ ఇది పనికిరాదు. పాత బాకీ అడిగేటప్పుడు నెంబర్లు వేస్తే నిలదీసినట్టుంటుంది. నరసన్నపేటలో మావయ్యకి ఇరవై ఏళ్ల ఖాతాదారు ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గరికి మాత్రం మావయ్యే బండి మీద వెళ్తాడు.